ఇరవై రోజులని వచ్చి అయిదు నెలలైంది: ప్రయాణం తేదీ ఎలా అడగాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్. మావారి పిన్నిగారు కంటి శుక్లం ఆపరేషన్‌కని జూన్ ఆఖర్లో తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చారు. ఇరవై రోజులన్నారు. ఇప్పుడు కార్తీకమాసం. ఆవిడ మంచిదే, నాకు పనిలో సాయం కూడా చేస్తుంది. కానీ మా పాప పదో తరగతి. దాని గది ఆవిడకిచ్చాం, అది హాల్లో టీవీ పక్కన చదువుకుంటోంది. మావారిని అడగమంటే "అమ్మ పోయాక మిగిలింది ఆవిడే, నేనెలా అడగను" అంటారు. మనసు నొప్పించకుండా ఎప్పుడు వెళ్తారో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

అడగాల్సింది మీరు కాదమ్మా, మీవారు. ఎందుకో ముందు చెప్తాను, ఎలాగో తర్వాత.

ఆవిడ మీకు చిన్నత్తయ్య. మీరు ఎంత మెత్తగా, ఎన్ని "గారు"లు పెట్టి అడిగినా, ఊరెళ్ళి చెప్పుకునేటప్పుడు అది "కోడలు పొమ్మంది" అనే రెండు ముక్కలుగా మిగులుతుంది. అదే మాట మీవారు అంటే "వాడికేవో ఇబ్బందులున్నాయి, పాపం" అవుతుంది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఎస్.ఆర్. నగర్‌లో మా ఇల్లు 1991 నుంచి రెండు వైపుల చుట్టాలకీ సత్రంలా ఉండేది. అమీర్‌పేటలో కోచింగులకొచ్చిన పిల్లలు, ఆసుపత్రులకొచ్చిన పెద్దలు, ఉద్యోగం దొరికేదాకా అని వచ్చి దొరికాక కూడా ఉండిపోయినవాళ్ళు. ఇన్నేళ్ళలో ఈ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరి రక్తసంబంధమో వాళ్ళే అడగాలి. రేపు మీ పుట్టింటివాళ్ళు వచ్చి ఉండిపోతే అప్పుడు మీ వంతు.

నేను ఈ సూత్రం నేర్చుకున్నది 1998లో, తప్పు చేసి. మావారి బాబాయిగారబ్బాయి నెల రోజులని వచ్చి ఆరు నెలలున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం చారు పోస్తూ, చాలా మామూలుగా అనుకుని, "ఎప్పుడెళ్తున్నావయ్యా ఊరికి?" అన్నాను. అతను ఏం మాట్లాడలేదు. చారు కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రం బస్సెక్కాడు. తర్వాత పదకొండేళ్ళు మా గడప తొక్కలేదు, మా అబ్బాయి ఒడుగుకి కూడా రాలేదు. నేనన్న మాటలో తప్పేముందని చాలాకాలం వాదించుకున్నాను. మాటలో తప్పు లేదు. నేను అడగడం ఒక తప్పు, అడిగిన చోటు ఇంకో తప్పు. కంచం ముందు కూర్చున్నవాడికి ఆ ప్రశ్న "నీకు పెట్టే తిండి లెక్కపెడుతున్నాం" అని వినిపిస్తుంది. మీవారికి కూడా ఇది చెప్పండి: భోజనాల దగ్గర వద్దు, పాప ముందు వద్దు, రాత్రి పడుకోబోయే ముందు అసలే వద్దు, తెల్లవార్లూ నిద్రపట్టదు.

ఇంకో తప్పు కూడా చేశాను, ఇది మరోసారి. మా అమ్మావాళ్ళు వస్తున్నారని, గది ఖాళీ కావాలని అబద్ధం చెప్పాను. ఉన్నావిడ "దానికేముంది, నేను వంటింట్లో చాప వేసుకుంటాను, మీ అమ్మగారితో కాలక్షేపం కూడా" అంది. రెండు రోజులు మా అమ్మ ఎందుకు రాలేదో కథలల్లుకుంటూ గడిపాను. అబద్ధంతో వచ్చే చిక్కు అదే, దానికి ఎదుటివాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక సర్దుబాటు ఉంటుంది. నిజమైన కారణానికైతే సర్దుబాట్లు తక్కువ.

ఇక మూడో దారి, చాలా ఇళ్ళల్లో ఎంచుకునేది: మాట తగ్గించడం, గిన్నెలు కాస్త చప్పుడు చేస్తూ పెట్టడం, గాలికి చెప్తున్నట్టు మాటలు విసరడం. దాని జోలికి పోకండి. చుట్టం అది మొదటి రోజే కనిపెడుతుంది, అయినా కదలదు. ఎందుకంటే కదలడానికి ఏదో అడ్డం ఉంది. ఆ అడ్డం ఏమిటో తెలుసుకోకుండా తేదీ అడిగితే తేదీ రాదు, వచ్చినా నిలవదు.

అసలు విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

శుక్లం ఆపరేషన్ అంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే పని. తర్వాత చుక్కల మందు తగ్గించుకుంటూ సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు వాడతారు. ఆ చివర్లో చూపు పరీక్షించి అద్దాలు రాస్తారు. అంటే జూలైలో ఆపరేషన్ అయితే ఆగస్టు నెలాఖరుకి కంటి పని పూర్తి. ఇరవై రోజులనుకోవడమే కాస్త తక్కువ లెక్క, అందులో ఆవిడ తప్పులేదు. ఆగస్టు దాకా ఆవిడ రోగి. సెప్టెంబరు నుంచి మాత్రం ఉండటానికి కారణం కన్ను కాదు, వేరే ఏదో. "రెండో కన్నుకి కూడా" అంటున్నారేమో ఓసారి కనుక్కోండి. అంటున్నట్టయితే తేదీ ఆసుపత్రిలో తీసుకోండి. ఆ తేదీ దూరంగా ఉంటే ఈలోపు ఊరెళ్ళి రావచ్చు. రెండో కన్ను ఎప్పుడో తెలియకుండా దానికోసం ఇక్కడే ఎదురుచూడటం మాత్రం కుదరదు.

వేరే కారణం ఏమిటో ఆవిడ చెప్పరు, కానీ కనిపిస్తుంది. ఊరి నుంచి కొడుకు ఫోన్ చేసినప్పుడు గమనించండి. మీ ముందే మాట్లాడతారా, బాల్కనీలోకి వెళ్తారా? మాట్లాడి వచ్చాక ఏదైనా చెప్తారా, లేక గబగబా చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంటారా? పండగల గురించి మాట్లాడితే "మన ఇంట్లో" అంటారా, "వాళ్ళింట్లో" అంటారా? పింఛను సంగతి మీరు రాయలేదు. ఆంధ్రలో వితంతు పింఛను నెల మొదట్లో ఇంటికే తెచ్చిస్తారు, వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊళ్ళో లేరని ఆపేస్తారు. ఆవిడకి ఆ పింఛను ఉండి, దానికోసం రెండ్రోజులు వెళ్ళి తిరిగొస్తుంటే ఊళ్ళో గది, మంచం ఉన్నాయన్నమాట, ఆవిడకి ఇక్కడ బాగుంది అంతే. వెళ్ళకుండా పింఛను పోగొట్టుకుంటుంటే మాత్రం అక్కడేదో గట్టిగా తగిలింది. పల్లెటూళ్ళో ఒంటరి ఆడమనిషి చేతి డబ్బు ఊరికే వదులుకోదు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2017లో మావారి పెద్దమ్మగారు మోకాలి మార్పిడి ఆపరేషన్‌కి తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చారు. రెండు నెలలనుకున్నాం. ఫిజియోథెరపీ అయిపోయింది, మా వీధిలో తనే నడిచి గుడికి వెళ్ళొస్తున్నారు, ఎనిమిదో నెల నడుస్తోంది. మేం కూడా మీలాగే మొహమాటపడుతూ కూర్చున్నాం. ఒక ఆదివారం మావారు ఆవిణ్ణి పక్క పార్కులో నడకకి తీసుకెళ్ళి, అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "పెద్దమ్మా, ఇంటి తాళం చెవి నీ దగ్గరే ఉందా, చిన్నబాబుకిచ్చి వచ్చావా?"

అంతే. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత చెప్పారు. గది తాళం తీసి అందులో మనవడికి కంప్యూటర్ బల్ల వేశారట. మంచం వసారాలోకి మార్చారట. ఈ సంగతి కొడుకు చెప్పలేదు, పక్కింటావిడ ఫోన్‌లో చెప్పింది. "నేను వెళ్తే వసారాలో పడుకోవాలిరా. వీధిన పోయే ప్రతివాళ్ళూ చూస్తారు. మీ పెదనాన్న కట్టిన ఇల్లు" అన్నారట.

చూశారా, ఆవిడ అడ్డం మేం కాదు, మా ఆతిథ్యం కాదు, ఒక మంచం. ఆ మంచం ఎక్కడుండాలో తేలేదాకా మేం ఎన్ని విధాల అడిగినా ఆవిడ నోట తేదీ వచ్చేది కాదు.

అప్పుడు మావారు ఆవిణ్ణే అడిగారు, "చిన్నబాబుతో నేను మాట్లాడనా?" అని. ఆవిడ ఊఁ అన్నాకే ఫోన్ చేశారు. ఈ వరస ముఖ్యం. చాలామంది ముందు కొడుక్కి ఫోన్ చేసి "మీ అమ్మను ఎప్పుడు తీసుకెళ్తావ్" అంటారు. అతను ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి "వాళ్ళు తీసుకుపొమ్మంటున్నారు" అంటాడు. ఇంక ఆవిడకి మీ ఇంట్లోనూ తలెత్తుకోలేని పరిస్థితి, అక్కడా చోటులేని పరిస్థితి. ముందు ఆవిడ, తర్వాత కొడుకు, అదీ ఆవిడ సరేనంటేనే. ఫోన్‌లో కూడా మావారు ఫిర్యాదు చేయలేదు. "నేనే దింపడానికి వస్తున్నాను తమ్ముడూ. పెద్దమ్మ మోకాలికి ఎత్తు మంచం కావాలి, బాత్‌రూమ్ దగ్గరగా ఉండాలి, డాక్టరు అదే చెప్పాడు. గదిలో వేయిస్తావా, రెండ్రోజులు ముందొచ్చి నేనే వేయించనా?" అన్నారు. ఆ చివరి మాటకి అతనికి సిగ్గేసింది. బల్ల హాల్లోకి వచ్చింది. మా పెద్దత్తయ్య వారం తర్వాత ప్రయాణమయ్యారు.

ఇప్పుడు మాట సంగతి. "ఎప్పుడు వెళ్తారు?" అన్నది మన భాషలో గుమ్మం చూపించే మాట. మనం ఇంట్లోంచి బయటికి పోతూ కూడా "వెళ్తున్నాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. "వెళ్ళు" అనే మాట ఒంటరిగా నిలబడితే మనకి అంత అశుభం. అందుకే పెద్దలు "ప్రయాణం ఎప్పుడు పెట్టుకున్నారు?" అనేవారు. అందులో పెట్టుకునేది ఎదుటివాళ్ళు, నిర్ణయం వాళ్ళది, మనం ఏర్పాట్లకోసం అడుగుతున్నామంతే. తేడా చిన్నదే, కానీ అరవై దాటిన చెవికి ఇవి రెండూ ఒకటి కావు.

మీవారు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఆయనకి మీ కష్టాల చిట్టా అప్పజెప్పకండి, దాంతో ఆయన ఇంకా బిగుసుకుపోతారు. తల్లి పోయిన మనిషికి ఆ గొంతు, ఆ నడక ఇంట్లో తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన మొహమాటపడుతున్నారనుకుంటున్నారు మీరు. నాకైతే ఆయనకి ఆవిడ వెళ్ళడం ఇష్టం లేదేమోననిపిస్తోంది, కనీసం సగం. అది ఒప్పుకుని మాట్లాడండి. "మీకు ఆవిడ ఉంటే అమ్మ ఉన్నట్టుంటుంది, నాకు తెలుసు. పాప పరీక్షలు మార్చిలో. పరీక్షల తర్వాత వేసవిలో మళ్ళీ పిలుద్దాం, ఆ రోజులు ఇప్పుడే అనుకుందాం" అనండి. తిరిగి పిలిచే రోజు ముందుంటే పంపే రోజు చెప్పడం ఆయనకి తేలికవుతుంది. పిలవాలని లేకపోతే మాత్రం అనకండి. ఉత్తుత్తి ఆహ్వానం ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆయన ఆవిడతో చెప్పాల్సింది ఇంతే: "పిన్నీ, పాపకి సంక్రాంతి సెలవులయ్యాక ఇంక పరీక్షల హడావుడే. డిసెంబరులోనే దాని గది దానికివ్వాలి. నిన్ను హాల్లో పడుకోబెట్టడం నాకిష్టం లేదు. ఈ నెలాఖరులో ప్రయాణం పెట్టుకుందామా, లేకపోతే ధనుర్మాసం మొదలయ్యేలోపు పెట్టుకుందామా? నేనే వచ్చి దింపుతాను."

ఇందులో ఒక్కొక్కటీ ఎందుకుందో చెప్తాను. కారణం ఒక్కటే చెప్పాం, అది నిజం. మూడు కారణాలు చెప్తే ఒక్కోదానికీ ఒక్కో సర్దుబాటు వస్తుంది. పాప గది కావాలంది అనలేదు, గది ఇవ్వాలన్నాం. పిల్ల మీద నెట్టకండి, నానమ్మలాంటి మనిషికి పిల్ల దగ్గర చిన్నబుచ్చుకోవడం అన్నిటికన్నా కష్టం. తేదీలు రెండిచ్చాం, రెండూ మీకు సరిపోయేవే. ఏదో ఒకటి ఎంచుకోవడం ఆవిడ చేతిలో పెట్టాం. చివరగా దింపుతానన్నాం. ఇది ఊరికే మర్యాద కాదు. మేనల్లుడో, అక్క కొడుకో వెంట వచ్చి గుమ్మంలో దింపి, కాఫీ తాగి వెళ్తే, ఊళ్ళో ఆవిడ గౌరవంగా తిరిగొచ్చినట్టు. ఒంటరిగా ఆటో దిగితే, పంపించేసినట్టు. మీవారికి ఒక రోజు సెలవు, రెండు టిక్కెట్ల ఖర్చు. అయిదు నెలల తర్వాత ఇంకో రోజు ఖర్చుపెట్టడానికి వెనకాడకండి.

తర్వాతి పని క్యాలెండరుది. ఆవిడ "చూద్దాంలే నాయనా" అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు గోడ మీది తిథుల క్యాలెండరు తీసి ఆవిడ చేతికివ్వండి. కొత్త అద్దాలు కూడా ఉన్నాయి కదా, చదువుకుంటారు. "మంగళవారం వద్దురా... ఇది అమావాస్య... ఈ రోజు వర్జ్యం పొద్దున్నే ఉంది, మధ్యాహ్నం రైలుంటే పర్వాలేదు" అని వేలు పెట్టి చూసుకుంటూ పోతారు. చూసుకోనివ్వండి, తొందరపెట్టకండి. మీవారు పక్కన ఫోన్‌లో రైలు వెతుకుతూ కూర్చోవాలి. ఆవిడ వేలు ఒక గడి మీద ఆగిన క్షణంలో టిక్కెట్టు తీయాలి. మా పెద్దత్తయ్య విషయంలో ఇదే జరిగింది. ఆవిడ ఎంచిన దశమి మేం మనసులో అనుకున్న రోజుకన్నా నాలుగు రోజులు ముందే వచ్చింది! తను చూసి పెట్టుకున్న ముహూర్తం కాబట్టి మళ్ళీ మార్చమని అనలేదు, పైగా ఎదురు మాకే గుర్తుచేసేవారు.

సంక్రాంతి దాకా అనే మాట మాత్రం ఒప్పుకోవద్దు. రెండు కారణాలు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది, 2024 నవంబరుకి ముందు నూట ఇరవై రోజులుండేది. పండగ రోజుల టిక్కెట్లు తెరుచుకున్న పూటే అయిపోతాయి. కాబట్టి "పండక్కి వెళ్తాలే" అంటే జనవరిలో టిక్కెట్టు లేక కనుమ దాటిపోవడమే. ఆ తర్వాత పుష్యమాసం శూన్యమాసమంటారు, ఆ తర్వాత ఏ పెళ్ళో ఉందంటారు. రెండో కారణం పాపది. పదో తరగతి పిల్లకి ఫిబ్రవరిలో గది ఇచ్చి లాభం లేదు. డిసెంబరులో ఇస్తేనే అది అందులో కుదురుకుంటుంది. పండక్కి వారం ముందు ఊళ్ళో తన ఇంట్లో ఉంటే అరిసెల పాకం, పిండి దంచడం ఆవిడ చేతి మీద నడుస్తాయి. అక్కడి కోడలికి కూడా అప్పుడు ఆవిడ అవసరం కనిపిస్తుంది. "పండగ పనులు మొదలయ్యేలోపు చేరాలి" అనే మాట ఆవిడకి తలెత్తుకుని వెళ్ళే కారణమవుతుంది. ఇది మీవారు వాడుకోవచ్చు.

"అయితే నన్ను పొమ్మంటున్నావన్నమాట" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే? పెట్టుకోవచ్చు. అప్పుడు మీవారు కంగారుపడి "అబ్బే, నీ ఇష్టమొచ్చినన్ని రోజులుండు" అనకుండా ఉండాలి. ఒక్కసారి అలా అన్నారంటే ఇంకో మూడు నెలలు అడగలేరు. "పొమ్మనడం కాదు పిన్నీ. ఇబ్బంది నీకు చెప్పక ఎవరికి చెప్పుకుంటాను" అని ఊరుకుంటే చాలు. ఆ తర్వాత మాట్లాడకుండా పక్కన కూర్చోవడం మంచిది. చాలాసార్లు ఆ నిశ్శబ్దంలోనే అసలు సంగతి, నా కథలో మంచంలాంటిది, బయటికొస్తుంది. మీరు ఆ సమయంలో ఇంట్లో కాకుండా, ఏ కూరగాయలకో వెళ్ళి ఉంటే మేలు. తలుపు చాటున కోడలుందని తెలిస్తే ఆవిడ మనసు విప్పరు.

తేదీ పెట్టాక ఒకసారి జారడం మామూలే. జ్వరమో, షుగర్ పెరగడమో నిజంగా ఉంటే ఆపేయండి. ఆ సాయంత్రమే టిక్కెట్టు వేరే రోజుకి తీయండి, మర్నాటిదాకా ఆగకండి. "ఎందుకో మనసు బాలేదు, ఇంకో నాలుగు రోజులు" అంటే మాత్రం జ్వరంలాంటి కారణం కాదది. అప్పుడు మీవారు ఆవిడ చెప్పని దేన్నో మళ్ళీ వినాలి. బహుశా మొదటిసారి సగమే చెప్పి ఉంటారు.

ఒక్క పరిస్థితిలో నేను ఇప్పటిదాకా రాసిందంతా పక్కన పెట్టేయమంటాను. ఆవిడ తిరిగి వెళ్తే కొడుకో కోడలో చెయ్యి చేసుకుంటారనో, ఇల్లు రాయించుకుని తిండి పెట్టడం లేదనో తెలిస్తే, అప్పుడు ప్రయాణం తేదీ అడగకండి. అక్కడికి పంపడం తప్పు. అలాగని భారమంతా మీ రెండు గదుల ఇంటి మీదే ఉండనక్కర్లేదు. ఆవిడ పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు కూర్చుని వంతులేసుకోవాలి, ఎవరింట్లో ఎన్ని నెలలో కాగితం మీద రాసుకోవాలి. తల్లిదండ్రుల పోషణ గురించి 2007లో వచ్చిన చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో ఆవిడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళ సహాయానికి 14567 అనే నంబరుంది, ముందు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. కొడుకుని బెదిరించడానికి మాత్రం ఆ చట్టం పేరెత్తకండి. ఎత్తితే వసారాలో మంచం కూడా పోతుంది.

మీ ఉత్తరం చదివితే అంత పరిస్థితిలా అనిపించలేదు. ఆవిడకి మీ ఇంట్లో పని ఉంది, పలకరించే మనిషి ఉంది, ఊళ్ళో ఆ రెండూ తగ్గాయి. బహుశా అంతే.

పంపే రోజు గురించి రెండు మాటలు. చీర పెట్టండి. అద్దాల చీటీ, ఆపరేషన్ కాగితాలు ఒక కవర్లో పెట్టి కొడుకు చేతికివ్వమని మీవారికి చెప్పండి. ఆవిడ సామాను సర్దేటప్పుడు పాత చీరో, పూజ సామానో "ఇక్కడే ఉండనీ" అంటే ఉండనివ్వండి, అలమారులో ఒక అర ఇవ్వండి. మళ్ళీ రావచ్చనే భరోసా ఆవిడకి అందులో దొరుకుతుంది, మీకు పోయేదేం లేదు.

గది మాత్రం ఆవిడ రైలెక్కకముందే మార్చకండి. మా ఇంట్లో ఓసారి చుట్టం స్నానానికి వెళ్ళిన అయిదు నిమిషాల్లో నేను దుప్పట్లు మడిచేశాను. ఆయన తువ్వాలుతో బయటికొచ్చి వట్టి పరుపు చూశారు. ఆ చూపు నాకింకా గుర్తు.

ఆ రాత్రి ఫోన్ మీరు చేయండి, మీవారు కాదు. క్షేమంగా చేరిన సంగతి మీవారు ఎలాగూ చెప్తారు. మీరు ఆవిడతో పనున్నట్టు అడగండి. ఇప్పుడు ఉసిరికాయల రోజులు కదా, వెళ్ళేలోపు ఆవిడ చేత ఒక చిన్న జాడీ ఉసిరి పచ్చడి పెట్టించుకోండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు మళ్ళీ వేయాలా వద్దా, ఇంగువ పోపు ఎప్పుడు పెట్టాలి, అని అడగండి. కొడుకు, కోడలు పక్కన వింటుండగా ఆవిడ గట్టిగా, కాస్త విసుక్కుంటున్నట్టే చెప్తారు.